నిసార్ ఉపగ్రహం నేల తేమను ఎలా కొలుస్తుంది? ఉదయగిరి మెట్ట, సంగం మాగాణి ఉదాహరణలతో ఒక వివరణ

భారత, అమెరికా అంతరిక్ష సంస్థలు కలిసి రూపొందించిన నిసార్ ఉపగ్రహం 2025 జూలై 30న శ్రీహరికోటలోని సతీశ్ ధవన్ అంతరిక్ష కేంద్రం నుంచి జీఎస్‌ఎల్‌వీ-ఎఫ్16 రాకెట్‌పై కక్ష్యకు చేరింది. 2022లో జిల్లాల పునర్విభజన జరిగేవరకు శ్రీహరికోట నెల్లూరు జిల్లాలోనే ఉండేది. దాదాపు 2,390 కిలోగ్రాముల బరువున్న ఈ ఉపగ్రహం భూమికి 747 కిలోమీటర్ల ఎత్తున తిరుగుతూ, 12 రోజులకొకసారి అదే దారిన అదే చోటికి తిరిగి వస్తుంది. దీనిలో రెండు రాడార్లు ఉన్నాయి. సుమారు 24 సెంటీమీటర్ల తరంగదైర్ఘ్యం గల ఎల్-బ్యాండ్ రాడార్‌ను నాసా, సుమారు 9.4 సెంటీమీటర్ల తరంగదైర్ఘ్యం గల ఎస్-బ్యాండ్ రాడార్‌ను ఇస్రో సమకూర్చాయి.

ఈ ఉపగ్రహం అందించే ఫలితాలలో వ్యవసాయ విస్తరణకు నేరుగా సంబంధించినది నేల తేమ పటం. పటంలో ఒక గడిపై 0.29 అని ఉంటే దాని భావమేమిటి, దాన్ని చూసి ఉదయగిరి రైతుకు కంది విత్తమని చెప్పవచ్చునా అన్న ప్రశ్నకు సమాధానం కావాలంటే, ఆ సంఖ్య ఎలా పుట్టిందో తెలియాలి. పదును తప్పిన నేలలో విత్తనం వేస్తే మొలక ఎండిపోయి, విత్తనమూ దుక్కి ఖర్చూ రెండూ పోతాయి కనుక ఈ ప్రశ్న కేవలం సాంకేతికమైనది కాదు.

తన దీపం తానే తెచ్చుకొనే చూపు

సాధారణ చిత్రాలు తీసే ఉపగ్రహం సూర్యకాంతిపై ఆధారపడుతుంది. నెల్లూరు జిల్లాకు ప్రధానమైన వర్షాలు అక్టోబరు నుంచి డిసెంబరు వరకు ఈశాన్య రుతుపవనాలతో వస్తాయి. నేల తేమ ఎంతుందో తెలియవలసిన ఆ రోజులలోనే ఆకాశం మబ్బుతో మూసుకొని ఉంటుంది. రాడార్‌కు ఈ ఇబ్బంది లేదు. చీకటిలో చేలగట్టున నడిచేవాడు టార్చిలైటు వేసి, తిరిగివచ్చిన వెలుగును బట్టి దారి తెలుసుకొన్నట్లే, రాడార్ తన తరంగాన్ని తానే పంపి, నేల నుంచి వెనుదిరిగిన భాగాన్ని కొలుస్తుంది. మేఘంలోని నీటి బిందువులు ఈ తరంగాల పొడవుతో పోలిస్తే అత్యంత చిన్నవి కనుక అవి దాదాపు అడ్డురావు.

టార్చిలైటు పోలిక ఇంతవరకే సరిపోతుంది. టార్చి పట్టుకొన్నవాడు వెలుగు ఏ దిక్కు నుంచి వచ్చిందో కంటితో గుర్తిస్తాడు. రాడార్ ఆ పని కాలాన్ని కొలిచి చేస్తుంది. రేడియో తరంగం సెకనుకు సుమారు 3,00,000 కిలోమీటర్లు ప్రయాణిస్తుంది. ఉపగ్రహం నుంచి నిట్టనిలువుగా కిందికి దిగి తిరిగి పైకి రావడానికి 1,494 కిలోమీటర్లు, అంటే దాదాపు 5 మిల్లీసెకన్లు పడుతుంది. దగ్గరి చేను నుంచి ప్రతిధ్వని ముందుగా, దూరపు చేను నుంచి ఆలస్యంగా వస్తుంది. నిట్టనిలువుగా చూస్తే ఎడమనున్న చేనూ కుడినున్న చేనూ ఒకే కాలంలో పలుకుతాయి. ఆ గందరగోళం లేకుండా నిసార్ ఒక పక్కకే వాలుగా, నేల వద్ద నిలువుగీతతో సుమారు 33 నుంచి 47 డిగ్రీల కోణం ఏర్పడేటట్లు చూస్తుంది.

ఇక రెండవ దిశ, అంటే ఉపగ్రహం కదిలే దిశ. నిసార్ యాంటెన్నా గొడుగువలె ముడుచుకొని వెళ్లి, 2025 ఆగస్టు 15న కక్ష్యలో విచ్చుకొంది. దాని వ్యాసం 12 మీటర్లు. అంత పెద్ద యాంటెన్నా నుంచి వెడలిన 24 సెంటీమీటర్ల తరంగం కూడా నేలను చేరేసరికి ఆ దిశలో దాదాపు 15 నుంచి 20 కిలోమీటర్ల మేర పరచుకొంటుంది. సంగం బరాజ్, దాని చుట్టుపక్కల గ్రామాల పొలాలు అన్నీ కలిసి ఒకే మచ్చగా కనబడవలసిన స్థితి అది. దీన్ని విడదీసే ఉపాయమే సింథటిక్ ఎపర్చర్.

రైలుగేటు వద్ద నిలబడినవారికి ఎదురు వచ్చే రైలు కూత సన్నగాను, దాటిపోయిన రైలు కూత బొంగురుగాను వినిపిస్తుంది. అదే విధంగా ఉపగ్రహానికి ముందున్న చేను నుంచి వచ్చే ప్రతిధ్వని పౌనఃపున్యం కొద్దిగా ఎక్కువగాను, వెనుకబడిన చేను నుంచి వచ్చేది కొద్దిగా తక్కువగాను ఉంటుంది. తేడా మాత్రం చెవికి అందేటంతటిది కాదు. ఎల్-బ్యాండ్ పౌనఃపున్యం సెకనుకు 125.7 కోట్ల కంపనాలు అయితే, ఈ మార్పు ఎక్కువలో ఎక్కువ 600 కంపనాల స్థాయిలో ఉంటుంది. ఒక చేను రాడార్ పుంజంలో ఉండే రెండు మూడు సెకన్లలో వచ్చిన కొన్ని వేల ప్రతిధ్వనులను భద్రపరచి, ఆ మార్పు క్రమాన్ని బట్టి కంప్యూటర్ ప్రతి బిందువునూ వేరుచేస్తుంది. ఆ విధంగా కిలోమీటర్ల మచ్చ సుమారు 7 మీటర్ల సూక్ష్మతకు తగ్గుతుంది.

తరంగానికి నీరు ఎందుకు ప్రత్యేకం

ప్రతిధ్వని బలం నేలలోని నీటిని తెలుపడానికి మూలం నీటి అణువు నిర్మాణంలో ఉంది. దానికి ఒకవైపు స్వల్ప ధనావేశం, మరొకవైపు స్వల్ప రుణావేశం ఉంటాయి. విద్యుత్ క్షేత్రం దిశ మారినప్పుడల్లా, అయస్కాంతం దగ్గరికి తెచ్చిన దిక్సూచి ముల్లు తిరిగినట్లు, ఈ అణువు కూడా తిరగడానికి ప్రయత్నిస్తుంది. ఒక పదార్థం విద్యుత్ క్షేత్రానికి ఎంతగా స్పందిస్తుందో తెలిపే కొలతను డైఎలెక్ట్రిక్ స్థిరాంకం అంటారు. ఇది నిష్పత్తి కనుక దీనికి ప్రమాణం లేదు. గాలికి దాని విలువ 1, ఎండిన మట్టికి సుమారు 3 నుంచి 4, ఈ పౌనఃపున్యాల వద్ద సాధారణ ఉష్ణోగ్రతలో నీటికి సుమారు 80. మట్టిలో చేరిన కొద్దిపాటి నీరు కూడా మొత్తం విలువను పైకి లాగుతుంది.

అయితే మట్టిలోని నీరంతా ఒకే స్వేచ్ఛతో ఉండదు. బంకమట్టి రేణువులను అంటిపెట్టుకొన్న పలుచని నీటిపొర, తిరునాళ్లలో గోడకు ఒత్తుకొని నిలబడిన జనం వలె, అటూ ఇటూ తిరగలేదు. అందువల్ల నల్లరేగడిలో మొదటి కొద్ది శాతం నీరు చేరినా డైఎలెక్ట్రిక్ స్థిరాంకం మందకొడిగానే పెరుగుతుంది. ఉదయగిరి ప్రాంతపు తేలికపాటి ఎర్ర నేలలో అంటుకొనే నీరు తక్కువ కనుక స్పందన త్వరగా మొదలవుతుంది. నేల స్వభావం తెలియకుండా రాడార్ సంకేతాన్ని తేమగా మార్చరాదనడానికి ఇదే కారణం.

ఒక చేను లెక్క

ఈ సంబంధాన్ని అంకెలలో చూడటానికి ఉదయగిరి వైపు ఒక ఎర్రనేల మెట్ట చేనును ఊహించవచ్చు. మొదటిసారి ఉపగ్రహం వచ్చినప్పుడు నేల ఎండి ఉంది, డైఎలెక్ట్రిక్ స్థిరాంకం 4. తరువాతి రాక నాటికి వాన పడింది, విలువ 16కు చేరింది. లెక్క సులువుగా ఉండటానికి నేల నున్నగా ఉన్నదని, తరంగం నిట్టనిలువుగా పడుతున్నదని అనుకొంటే, వెనుదిరిగే శక్తి భాగం ఇలా వస్తుంది:

```
R = ((√ε − 1) / (√ε + 1))²
ε = 4  :  R = (1/3)² = 0.11
ε = 16 :  R = (3/5)² = 0.36
```

పొడి నేల 11 శాతం శక్తిని, తడి నేల 36 శాతం శక్తిని తిప్పిపంపింది. నిష్పత్తి 3.24 రెట్లు. రాడార్ శాస్త్రంలో ఇటువంటి నిష్పత్తులను డెసిబెల్‌లలో చెబుతారు. నిష్పత్తి సంవర్గమానాన్ని 10తో గుణిస్తే డెసిబెల్ వస్తుంది. రెట్టింపు అంటే సుమారు 3 డెసిబెల్‌లు, పది రెట్లు అంటే 10 డెసిబెల్‌లు, 3.24 రెట్లు అంటే 5.1 డెసిబెల్‌లు.

డైఎలెక్ట్రిక్ స్థిరాంకాన్ని తేమగా మార్చడానికి టాప్, ఆయన సహచరులు 1980లో ఇచ్చిన సమీకరణం ఇప్పటికీ విస్తృతంగా వాడుకలో ఉంది. దాని ప్రకారం 4 అనే విలువకు ఘనపరిమాణ తేమ 0.055, 16 అనే విలువకు 0.29. ఇక్కడ ప్రమాణం ఘనమీటరు మట్టికి ఘనమీటరు నీరు. రాడార్‌కు అందే 5 సెంటీమీటర్ల, అంటే 50 మిల్లీమీటర్ల, మందానికి ఈ తేడా 0.235ను గుణిస్తే 11.8 మిల్లీమీటర్ల నీరు వస్తుంది. ఇది వర్షమాపకంలో కొలిచే మిల్లీమీటరే. హెక్టారుకు సుమారు 118 ఘనమీటర్లు, ఎకరాకు దాదాపు 47,500 లీటర్లు.

అదే నేల ఇంకా తడిసి, డైఎలెక్ట్రిక్ స్థిరాంకం 16 నుంచి 25కు పెరిగితే తేమ 0.29 నుంచి 0.40కి చేరుతుంది. కాని వెనుదిరిగే శక్తి 0.36 నుంచి 0.44కు మాత్రమే, అంటే 0.9 డెసిబెల్ మాత్రమే పెరుగుతుంది. మొదటి దశలో 0.01 తేమ మార్పుకు సుమారు 0.22 డెసిబెల్ లభించగా, రెండవ దశలో 0.08 మాత్రమే లభించింది. పొడి నేలలో వచ్చిన మార్పును రాడార్ స్పష్టంగా పట్టుకొంటుంది, బాగా తడిసిన నేలలో తేడాలు దానికి మసకబారుతాయి. ఈ సాంకేతికత మెట్ట సేద్యానికి ఎక్కువ అక్కరకు రావడానికి ఇది ఒక ముఖ్యకారణం.

ఒక్క మెతుకు పట్టుకొని చూడటం ఇక్కడ చెల్లదు

అన్నం ఉడికిందో లేదో తెలుసుకోవడానికి ఒక్క మెతుకు పట్టుకొంటే చాలు. కుండంతా ఒకేలా ఉడుకుతుందన్న నమ్మకం మీద ఆ పరీక్ష నిలుస్తుంది. నేలకు ఆ నమ్మకం వర్తించదు. పై 5 సెంటీమీటర్లు తడిసినంత మాత్రాన 15 సెంటీమీటర్ల లోతు తడిసినట్లు కాదు. వాన పడిన వెంటనే ఉపగ్రహం చూస్తే, 12 మిల్లీమీటర్ల జల్లు పడిన చేనూ 50 మిల్లీమీటర్ల వాన పడిన చేనూ దాదాపు ఒకే విలువ చూపవచ్చు. మొదటి చేనులో నీరంతా పైపొరలోనే ఉంది, రెండు మూడు ఎండలకు ఆవిరై పోతుంది. రెండవ చేనులో వేరుమండలానికి నీరు దిగింది. పటంలో రెండింటికీ ఒకే రంగు ఉన్నా, విత్తనానికి రెండవదే పదునైన చేను.

కాబట్టి 0.29 అన్న సంఖ్యను చూసి విత్తమని సలహా ఇవ్వరాదు. ఆ వారపు వర్షమాపక నమోదును పక్కన పెట్టుకోవాలి, చేనులో పారతో ఒక గుంట తీసి తడి ఎంతవరకు దిగిందో చూడాలి. 5 శాతం ఘనపరిమాణ తేమ గల తేలిక నేలను 20 శాతానికి తేవడానికి ప్రతి 10 సెంటీమీటర్ల లోతుకు 15 మిల్లీమీటర్ల నీరు ఇంకాలి. ఈ లెక్కతో వర్షపాతాన్ని పోల్చితే గుంటలో కనిపించిన తడి లోతు సరిగా ఉన్నదో లేదో తెలుస్తుంది. వర్షపాతం ఎక్కువగా ఉండి తడి లోతు తక్కువగా ఉంటే, నీరు వాలున పారిపోయిందని అర్థం.

దుక్కి వానలా కనిపించినప్పుడు

రాడార్ సంకేతాన్ని పెంచేది తేమ ఒక్కటే కాదు. నున్నటి నేలపై వాలుగా పడిన తరంగం, క్యారమ్ బోర్డు అంచుకు తగిలిన కాయిన్ వలె, అవతలి వైపుకు జారిపోతుంది. గరుకు నేలపై పడినది అన్ని వైపులకూ చెదరి, కొంత భాగం వెనక్కి వస్తుంది. ఏది నునుపు, ఏది గరుకు అన్నది తరంగదైర్ఘ్యాన్ని బట్టి ఉంటుంది. రేలీ ప్రమాణం ప్రకారం 40 డిగ్రీల కోణంలో ఎత్తుపల్లాల ప్రామాణిక విచలనం ఎల్-బ్యాండ్‌కు సుమారు 3.9 సెంటీమీటర్లు, ఎస్-బ్యాండ్‌కు సుమారు 1.5 సెంటీమీటర్లు దాటితే నేల గరుకుగా లెక్క. ఈ విచలనం 2.5 సెంటీమీటర్లు ఉన్న దుక్కి ఎస్-బ్యాండ్‌కు గరుకు, ఎల్-బ్యాండ్‌కు ఇంకా నునుపు వైపే ఉంటుంది. తేమ అంచనాకు ఎల్-బ్యాండ్ ఎక్కువగా పనికిరావడానికి ఇదొక కారణం. పలుచని పైరు ఆకుల గుండా అది ఎక్కువగా చొచ్చుకొని పోవడం మరొక కారణం.

అయినా పెద్ద పెడ్డలు లేచేటట్లు లోతు దుక్కి చేస్తే ఎల్-బ్యాండ్ సంకేతం కూడా పెరుగుతుంది. వాన చుక్క పడకపోయినా చేను తడిసినట్లు పటం భ్రమింపజేయవచ్చు. దీన్ని కనిపెట్టడానికి మూడు ఆనవాళ్లు ఉన్నాయి. మొదటిది విస్తీర్ణం. వాన చేను గట్టు చూసుకొని పడదు, ఊరి పొలాలన్నీ కలిసి పెరుగుతాయి. దుక్కి మాత్రం చెక్కలు చెక్కలుగా, గట్టు వరకే కనిపిస్తుంది. రెండవది ధ్రువణం. రాడార్ అడ్డంగా పంపి నిలువుగా అందుకొనే సంకేతం తేమకన్నా గరుకుదనానికి, పైరుకు ఎక్కువగా పెరుగుతుంది. అది ఒక్కటే ఎక్కువగా పెరిగితే వానను అనుమానించాలి. మూడవది కాలం. తేమ వల్ల పెరిగిన సంకేతం నేల ఆరుతున్న కొద్దీ దిగిపోతుంది. దుక్కి గరుకుదనం తరువాతి వాన పెడ్డలను కరిగించేవరకు నిలిచి ఉంటుంది.

సంగం మాగాణిలో వేరే కథ

పెన్నా నదిపై సంగం వద్ద 19వ శతాబ్దంలో కట్టిన ఆనకట్టకు బదులుగా నిర్మించిన బరాజ్ 2022 సెప్టెంబరులో ప్రారంభమైంది. దాని ఆయకట్టులో వరి మడులు నీటితో నిండి ఉన్నప్పుడు నేల తేమ అన్న మాటకే అర్థం ఉండదు, అక్కడ పటంలోని తేమ విలువను వాడరాదు. కాని అదే రాడార్ మరొక సమాచారం ఇస్తుంది. దమ్ము చేసి నీరు పెట్టిన మడి అద్దం వలె తరంగాన్ని అవతలికి పంపివేస్తుంది కనుక చిత్రంలో నల్లగా కనిపిస్తుంది. నాట్లు పడి పిలకలు లేచిన తరువాత తరంగం మొదట నీటికి తగిలి, అక్కడి నుంచి దుబ్బుకు తగిలి, వచ్చిన దారినే వెనుదిరుగుతుంది. గోడ, నేల కలిసే మూలకు విసిరిన రబ్బరు బంతి విసిరినవాడి చేతికే తిరిగి వచ్చినట్లు ఇది జరుగుతుంది. మడి క్రమంగా ప్రకాశవంతమవుతుంది. 12 రోజుల అంతరంతో వచ్చే చిత్రాలలో నలుపు ఎప్పుడు మొదలైందో చూస్తే దమ్ము పట్టిన రోజులు, ఎప్పుడు తెలుపు తిరిగిందో చూస్తే పైరు ఎదుగుదల తెలుస్తాయి.

ఇక్కడ కూడా ఒక మోసం ఉంది. గాలికి మడిలో అలలు లేస్తే, ముఖ్యంగా ఎస్-బ్యాండ్‌కు, నీరు గరుకుగా మారి నలుపు తగ్గుతుంది. ఎల్-బ్యాండ్ చిత్రం నల్లగానే ఉండి ఎస్-బ్యాండ్ మాత్రమే తెల్లబడితే, నాటు పడిందని కాక గాలి వీచిందని మొదట అనుకోవాలి.

పటాన్ని పొలంతో సరిచూడటం

నిసార్ తేమ పటంలో ఒక గడి 200 మీటర్ల పొడవు, 200 మీటర్ల వెడల్పు, అంటే 4 హెక్టార్లు, దాదాపు 10 ఎకరాలు. రాడార్ సూక్ష్మత 7 మీటర్ల స్థాయిలో ఉండగా గడి ఇంత పెద్దది ఎందుకన్న సందేహం విద్యార్థులకు సహజం. ఒక్కొక్క చిన్న బిందువులో లెక్కలేనన్ని పెడ్డల నుంచి వచ్చిన ప్రతిధ్వనులు ఒకదానితో ఒకటి కలిసి, కొన్నిచోట్ల బలపడి, కొన్నిచోట్ల రద్దై, చిత్రం ఉప్పూ మిరియాలు చల్లినట్లు ఉంటుంది. భూసార పరీక్షకు ఒకేచోట మట్టి తీయక, చేనంతా తిరిగి పలుచోట్ల తీసి కలిపినట్లే, ఇక్కడ కూడా అనేక బిందువుల సగటు తీసుకోవాలి. స్వతంత్రమైన 100 బిందువుల సగటు తీసుకొంటే ఈ చెదరుపాటు సంకేతంలో 10 శాతానికి, అంటే సుమారు 0.4 డెసిబెల్‌కు తగ్గుతుంది.

అంత చేసినా తేమ అంచనాకు నిర్దేశించిన ఖచ్చితత్వం 0.06. 5 సెంటీమీటర్ల పొరలో ఇది 3 మిల్లీమీటర్లకు సమానం. ఒక గడిలో నలుగురైదుగురు రైతుల చెక్కలు ఉండవచ్చు, అందులో ఒకటి బోరుబావి కింద తడిసి ఉండవచ్చు. గడి విలువ ఆ అందరి సగటు, ఏ ఒక్కరి చేనుదీ కాదు.

సరిచూడటానికి అదే రోజు, ఉపగ్రహం దాటే ఉదయం లేదా సాయంత్రం 6 గంటల ప్రాంతంలో, గడి అంతటా కనీసం పది చోట్ల 5 సెంటీమీటర్ల లోతు వరకు మట్టి తీసి, 105 డిగ్రీల సెల్సియస్ వద్ద 24 గంటలు ఆరబెట్టి తూచాలి. ఇక్కడ తరచు జరిగే పొరపాటు ప్రమాణాలది. ఆరబెట్టి తూచినప్పుడు వచ్చేది భార తేమ, ఉపగ్రహం ఇచ్చేది ఘనపరిమాణ తేమ. భార తేమ 12 శాతం, నేల స్థూల సాంద్రత ఘనసెంటీమీటరుకు 1.5 గ్రాములు అయితే, ఘనపరిమాణ తేమ 0.12ను 1.5తో గుణించగా 0.18. ఈ గుణకారం మరచి 0.12ను నేరుగా పోల్చితే, ఉపగ్రహం సరిగా 0.18 చూపినా అది 0.06 ఎక్కువ చూపిందన్న తప్పు నిర్ధారణకు వస్తారు. ఆ తేడా సరిగ్గా ఉపగ్రహానికి అనుమతించిన దోషమంత ఉండటం వల్ల తప్పు ఎక్కడున్నదో వెంటనే తట్టదు.

ఇంత చూసిన తరువాత మొదటి ప్రశ్నకు సమాధానం ఇలా ఉంటుంది. ఉదయగిరిలో ఒక గడిపై 0.29 కనిపిస్తే, ఆ పదెకరాల పై 5 సెంటీమీటర్లలో సగటున 14.5 మిల్లీమీటర్ల నీరు, 3 మిల్లీమీటర్లు అటూ ఇటూగా, ఉన్నదని మాత్రమే అర్థం. చుట్టుపక్కల గడులు కూడా పెరిగి ఉంటే అది వాన, లేకుంటే దుక్కి కావచ్చు. లోతు పదును తెలుసుకొనే పని ఉపగ్రహానిది కాదు, గుంట తీసే పారదే. ఏ ఊళ్లలో ముందుగా గుంట తీయాలో నిర్ణయించడంలోనే ఈ పటం విస్తరణ శాస్త్రవేత్తకు ఉపకరిస్తుంది.